బంగారం ఎవరు కొంటున్నారు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న భోజనాల దగ్గర మన లెక్కల మేష్టారు అడిగారు: "ఏం బాబూ, ఇంజనీరువి కదా, బంగారం ఇంతలా ఎందుకు పెరిగింది? మనవరాలి పెళ్ళికి ఇప్పుడే కొనమంటావా, తగ్గేదాకా ఆగమంటావా?" నాకు తెలిసినంత చెబుతాను.

మన పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావు గారు 2009లో రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆ అక్టోబరులో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 200 టన్నుల బంగారం కొంది. ఔన్సు, అంటే 31 గ్రాముల చిల్లర, సుమారు 1,045 డాలర్లు పడింది. మొత్తం 670 కోట్ల డాలర్లు. నవంబరులో కబురు బయటికి రాగానే ధర ఎగిసింది, డిసెంబరుకల్లా 1,200 దాటింది.

బరువు కంటే ఆ కబురే పెద్దది. అంతకు ముందు చాలా ఏళ్ళు కేంద్ర బ్యాంకులు బంగారం అమ్ముతూ వచ్చాయి. 1999-2002 మధ్య బ్రిటన్ తన నిల్వలో సగానికి పైగా అమ్మేసింది. ఇంకా ఎవరు అమ్ముతారో అన్న భయమే ధరను తొక్కిపెట్టేది. 2010 నుంచి కేంద్ర బ్యాంకులు, అన్నీ కలిపి చూస్తే, కొనేవాళ్ళ వైపు చేరాయి.

అప్పుడు నేనూ పొరబడ్డాను. "రిజర్వు బ్యాంకే కొంది, ఇక తగ్గదు" అని 2012 చివర మా అక్క చేత అప్పు చేయించి కొనిపించాను. 2013లో కేంద్ర బ్యాంకులు కొంటూనే ఉన్నా, మదుపరులు బంగారు ఫండ్ల నుంచి వందల టన్నులు వెనక్కి తీసుకున్నారు. ధర పావు వంతుకు పైగా పడింది. 2015లో అక్క అమ్ముకోవలసి వచ్చినప్పుడు కొన్న ధర కూడా రాలేదు.

నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట మీకు తెలుసు. అది వరదను ఆపలేదు, ఏరు తగ్గినప్పుడు మాత్రం నీటిమట్టం నిలుపుతుంది. కేంద్ర బ్యాంకుల కొనుగోలూ అంతే.

2022లో అది కనిపించింది. అమెరికాలో వడ్డీ సున్నా దగ్గర నుంచి నాలుగు శాతం దాటింది. మామూలుగా అలాంటప్పుడు వడ్డీ రాని బంగారం పడిపోవాలి. ఫండ్ల నుంచి బంగారం బయటికి పోయింది కూడా. అయినా ఏడాది చివరికి ధర మొదలైనచోటే ఉంది. కారణం, ఆ ఏడు రష్యా విదేశీ నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. సొంత ఖజానాలోని బంగారాన్ని అలా ఎవరూ ఆపలేరని చాలా దేశాలు గ్రహించాయి. 2022, 2023, 2024లలో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ప్రపంచంలోని గనులన్నీ కలిపి ఏడాదికి తీసేది 3,600 టన్నుల చిల్లరే.

మేష్టారూ, ఫండ్ల నుంచి బంగారం పోతున్నా ధర నిలబడితే కొంటున్నది కేంద్ర బ్యాంకులని గుర్తుపట్టవచ్చు. ఫండ్లూ, జనమూ ఎగబడి కొంటుంటే అది వరద, ఎప్పుడైనా తీయవచ్చు. అందుకని పెళ్ళికి కావలసింది మాత్రమే, నెలనెలా కొంచెంగా కొనండి. అప్పు చేసి మాత్రం వద్దు. మా అక్క దగ్గర నేర్చుకున్నది అదే.

సెలవు.