నమస్కారానికి బదులు

(ధర్మపురిలో భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంకాలం ఒక భక్తుడు నా వద్దకు వచ్చి తన బాధ చెప్పుకొన్నాడు. దర్శనం వేళ గర్భాలయం ముందు ఆయన అర్చకస్వామి పాదాల మీద పడబోయాడట. ఆ అర్చకుడు గబాలున వెనక్కి జరిగి, “ఇక్కడ కాదు, వద్దు” అన్నాడట. “పదిమందిలో నన్ను చిన్నబుచ్చారు. పాదాభివందనం చేయడం తప్పా?” అని ఆయన ప్రశ్న. తప్పు కాదు. అయితే స్థలం అది కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే, వంగేవాని గురించి చెప్పి ఊరుకుంటే చాలదు. ఎవరికి వంగుతున్నామో వారి బాధ్యత ఏమిటో కూడా చెప్పాలి. నేటి ప్రసంగం దాని మీదనే.

“నమః” అనే మాటకు మూలమైన ధాతువుకు వంగడమని అర్థం. చేతులు జోడిస్తే అంజలి. అది దేవునికి, గురువుకు, తోటివానికి, చిన్నవానికి కూడా చెల్లుతుంది. పాదాలు ముట్టి చేసే దానికి శాస్త్రంలో “అభివాదనం” అని పేరు. ఆ పదంలో ఒక విశేషముంది. “వద” అంటే పలకడం. అభివాదనంలో ఉన్నది ప్రేరణార్థకం, అంటే పలికించడం. “నేను నీకు వంగుతున్నాను” అని మాత్రమే కాదు, “నీచేత ఆశీస్సు పలికిస్తున్నాను” అని దాని భావం. కాబట్టి అవతలివారు పలికితేనే అభివాదనం పూర్తవుతుంది. ఆ పలుకుకు ప్రత్యభివాదనం అని పేరు. దానిని ఎరుగని వానికి అభివాదనం చేయనక్కరలేదని మనుస్మృతి రెండవ అధ్యాయంలోనే ఉంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవడానికి ముందే, అర్థం కాకుండానే, కళ్లతో చూశాను.

నాకు అప్పుడు పదేళ్లు. కరీంనగరానికి సమీపంలోని మా ఊరిలో మా నాయనగారి వెంట ఒక దొరగారి ఇంటికి తిథి చెప్పడానికి వెళ్లాను. వాకిట్లోకి ఒక వృద్ధ జీతగాడు వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని, “బాంచన్ దొరా, నీ కాల్మొక్త” అంటూ నేలకు వంగాడు. ఆయన దొరగారి కంటె ఇరవై ఏళ్లు పెద్దవాడు. దొరగారు మా నాయనగారితో మాట్లాడుతున్న మాట ఆపలేదు, చూపు తిప్పలేదు. ఆ ముసలాయన కాసేపు అలాగే ఉండి, లేచి, నా వైపు తిరిగి “చిన్నయ్యగారూ, దండం” అన్నాడు. నేనూ ఏమీ అనలేదు. ఏమనాలో ఎవరూ నాకు నేర్పలేదు. మీలో అరవై దాటినవారు ఆ “కాల్మొక్త” మాటను వినే ఉంటారు. బాంచ అంటే బానిస. ఈ జిల్లాలలో ఒక కాలంలో అది నిత్యం వినబడే పలకరింపు.

తరువాత నేను ఈ ధర్మపురిలోనే గురువుగారి ఇంట వ్యాకరణం చదివాను. పాణిని అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయం రెండవ పాదంలో ప్రత్యభివాదనానికి ఒక సూత్రముంది. శిష్యుడు తన ప్రవర, గోత్రం, సూత్రం, పేరు చెప్పి పాదాలు ముట్టినప్పుడు, గురువు “ఆయుష్మాన్ భవ” అని, ఆ శిష్యుని పేరు పలికి, చివరి అచ్చును మూడు మాత్రల కాలం సాగదీయాలి. ఆ సాగదీతకు ప్లుతమని పేరు. దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు మనం స్వరం సాగదీస్తామే, అటువంటిదే. పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలో వ్యాకరణం చదవడానికి గల ప్రయోజనాలలో దీనిని కూడా ఒకటిగా చెప్పాడు. బదులివ్వడం తెలియని వాని ముందు శిష్యుడు పేరూ గోత్రమూ చెప్పనక్కరలేదట, “ఇదిగో నేను వచ్చాను” అంటే చాలునట.

ఆ సూత్రంలోనే ఒక మినహాయింపు ఉంది. శూద్రునికి బదులిచ్చేటప్పుడు ఈ ప్లుతం లేదని. దానిని దాచి పాఠం చెప్పడం పండితునికి తగదు కనుక చెబుతున్నాను. ఆనాడు ఆ పాఠం దగ్గర నాకు మా ఊరి ముసలాయన జ్ఞాపకం వచ్చాడు. గురువుగారికి జరిగినది చెప్పాను. ఆయన కొంతసేపు ఊరకుండి, “సూత్రం స్వరం సంగతి చెప్పింది. బదులే ఇవ్వవద్దని ఎక్కడా చెప్పలేదు. నీవు బాకీ పడ్డావు నాయనా” అన్నారు.

సెలవులకు వెళ్లినప్పుడు ఆ ఇంటికి వెళ్లాను. ఆయన అప్పటికే కాలం చేశాడు. ఆయన భార్య చాటలో జొన్నలు చెరుగుతున్నది. నేను చేతులు జోడించి “అమ్మా, దండం” అన్నాను. ఆమె బెదిరి లేచి, “అయ్యో, మాకు నువ్వు మొక్కుడేంది అయ్యగారూ” అన్నది. నేను చేతులు దించలేదు. అప్పుడు ఆమె కొంగు సర్దుకొని, “సల్లంగుండు బిడ్డాాా” అన్నది. ఆ చివరి అచ్చును ఆమె ఎంత సాగదీసిందో నేటికీ నా చెవిలో ఉన్నది. మూడు మాత్రలకు తక్కువ లేదు. పాణిని చెప్పిన ప్లుతం నాకు మొదట దక్కినది ఆమె నోటినుంచి.

ఇక ఆచరణకు వద్దాం. నమస్కరించే ముందు అవతలివారు బదులివ్వగల స్థితిలో ఉన్నారా అని చూడండి. తక్కిన నియమాలు చాలావరకు దీనిలో నుంచే వస్తాయి. భోజనం చేస్తున్నవారికి, జపంలో ఉన్నవారికి, నిద్రిస్తున్నవారికి, నదిలో మునుగుతున్నవారికి పాదాభివందనం చేయరాదు. వారు పలకలేరు. నైవేద్యం మోసుకొని పోతున్న అర్చకుని దారిలో ఆపి పాదాలు ముట్టరాదు. వంగేవానికి కూడా నియమముంది. చెప్పులతో, తల చుట్టుకొని, చేతిలో వస్తువుతో అభివాదనం చేయరాదని ఆపస్తంబుడు ధర్మసూత్రాలలో చెప్పాడు. ఆ ముసలాయన చెప్పులు విడిచి, తువ్వాలు తీసి ఈ నియమాలు రెండూ పాటించాడు. బదులిచ్చే నియమం మాత్రం ఆ వాకిట్లో ఎవరూ పాటించలేదు. ఒక చేతిలో సెల్‌ఫోను పట్టుకొని రెండవ చేతిని నుదుటికి ఆనించి వెళ్లేవారు ఈ మాట గమనించాలి. ఒంటిచేతి నమస్కారం పెద్దలు అంగీకరించరు.

పాదాలు ముట్టే పద్ధతి చాలామందికి తెలియదు. ఎదురుగా నిలిచినప్పుడు పెద్దల కుడిపాదం మన ఎడమచేతి వైపు వస్తుంది. అందుచేత చేతులు అడ్డంగా దాటించి, కుడిచేతితో కుడిపాదాన్ని, ఎడమచేతితో ఎడమపాదాన్ని తాకాలి. తల్లిదండ్రులకు, గురువుకు, పెద్ద ముత్తయిదువలకు, ఊరినుంచి వచ్చినప్పుడు, శుభకార్యానికి బయలుదేరినప్పుడు ఇది తగును. మోకాళ్లు నొప్పులున్నవారు, గర్భిణులు అంజలి ఘటిస్తే లోపం లేదు. దేవునికైతే అంజలి శిరస్సు పైన, గురువుకు నుదుటి ఎదుట, తక్కినవారికి హృదయం ఎదుట అని మా పెద్దలు నేర్పారు.

సాష్టాంగమంటే ఎనిమిది అంగాలతో చేసేది. వక్షం, శిరస్సు, చూపు, మనస్సు, మాట, పాదాలు, చేతులు, మోకాళ్లు. వీటిలో మూడు నేలకు తగలనివని గమనించండి. చూపు, మాట, మనస్సు. శరీరం పడుకొని మనస్సు చెప్పుల స్టాండు దగ్గర ఉంటే అది సాష్టాంగం కాదు. స్త్రీలకు మోకాళ్లపై వంగి చేసే పంచాంగ నమస్కారం చెప్పబడింది. ఆలయంలో సాష్టాంగానికి తగిన చోటు ధ్వజస్తంభానికి ఇవతల. లోపల నలువైపులా సన్నిధులుంటాయి, మన పాదాలు ఏదో ఒక మూర్తి వైపు తిరుగుతాయి. వెనుక నిలిచిన భక్తుల దారి కూడా ఆగుతుంది.

ఇప్పుడు నిన్నటి భక్తుని ప్రశ్నకు సమాధానం. స్వామి సన్నిధిలో అర్చకుడు సేవకుడు. యజమాని ఎదుట సేవకునికి మొక్కితే, అతడు తనపేర ఆశీర్వదించలేడు, ఆశీర్వదించకుండానూ ఉండలేడు. ఆయన వెనక్కి జరగడం ఆ ఇరకాటం వల్ల, అహంకారం వల్ల కాదు. ఆలయం బయట, కైంకర్యం ముగిశాక, ఆయన విద్యకూ వయస్సుకూ నమస్కరించండి. సన్నిధిలో మీ నమస్కారానికి బదులు స్వామే ఇస్తాడు. వైష్ణవాలయాలలో శఠగోపం పెడతారు కదా. దాని మీద ఉన్నవి విష్ణుపాదాలు. మనం వంగి పాదాలు ముట్టనక్కరలేకుండా ఆ పాదాలే మన తలమీదికి వస్తాయి. అందుకే అప్పుడు చేతులు చాచకుండా, టోపీ, తలపాగా తీసి, చేతులు జోడించి తల కొద్దిగా వంచాలి.

ఆదిలాబాదు వైపు నుంచి వచ్చినవారు కేస్లాపూర్ నాగోబా జాతర ఎరుగుదురు. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు గోదావరి జలంతో స్వామిని అభిషేకిస్తారు. తరువాత భేటింగ్ అనే తంతు ఉంటుంది. ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టి, ముసుగు వేసుకొని నాగోబాకు మొక్కి, వంశపెద్దల ఆశీస్సులు పొందుతారు. దానితోనే వారు ఆ వంశపువారవుతారు. అక్కడ కోడలు వంగడం సగం కార్యం. పెద్దలు ఆమెను తమవారిలో చేర్చుకోవడం మిగతా సగం.

కాబట్టి మొక్కించుకొనే వయస్సుకు వచ్చిన నాబోటివారికి ఒక విన్నపం. మీ మనుమడు కాళ్లకు మొక్కినప్పుడు టీవీ వైపు చూస్తూ “ఊఁ” అనకండి. వాని పేరు పెట్టి పిలవండి, చివరి అచ్చు సాగదీయండి, తలమీద చేయి పెట్టండి. మీ ఇంట పనిచేసే మనిషి “దండమయ్యా” అంటే, చేతిలో పని ఆపి, చేతులు జోడించి బదులు పలకండి. ఆ బదులు నేను సకాలంలో ఇవ్వలేకపోయాను. అందుకోవలసినవాడు వెళ్లిపోయాడు.

మీ అందరికీ నమస్కారం. మీ బదులు వినే దాకా వేదిక దిగను.