ఎన్ని వస్తయి, ఒక్కటి ఎంతకు పడుతది?
(వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఎనిమిదో తరగతి వరకే చదువుకున్న. ఆన్‌లైన్‌ల అమ్ముడు మా పిల్లలు నేర్పిండ్రు. అందుల ఒక్క విషయమే ఈ రోజు చెప్త. రెండు, మూడు, ఆరు కలిపి కట్టిన కట్టకు పేరు ఎట్ల రాయాలె, ధర ఎట్ల పెట్టాలె అన్నది. చిన్న పనే గాని, దీంట్ల తప్పు చేసి మా సంఘం నష్టపోయింది.

మన దుకాణాలల్ల గిరాకీ ఎదురుంగ కూసుంటడు. "ఎట్ల ఇస్తవు?" అంటే "నూట ఎనభై" అంటం. అది ఒక్కదానికా, జోడికా అన్నది ఇద్దరికీ ఎరుకే. చద్దరు చేతిల పట్టుకొని చూస్తడు, అనుమానమొస్తె అడుగుతడు. ఫోన్‌ల కొనేటోనికి ఆ వీలు లేదు. వానికి కనపడేది ఒక ఫొటో, ఒక వరుస పేరు, ఒక ధర. అంతే.

మా సంఘం మొదట్ల ఇట్ల రాసింది: "సోలాపూర్ డబుల్ చద్దరు, 1,150 రూపాయలు". హైదరాబాదు నుండి ఒకామె తెప్పించుకున్నది. సామాను ముట్టిన రోజే ఫోన్ చేసింది. "అన్నా, డబుల్ అని రాసిండ్రు కదా, ఒక్కటే వచ్చింది" అన్నది. మనకు డబుల్ అంటే ఇద్దరు పండే మంచం కొలత. ఆమెకు డబుల్ అంటే రెండు. ఆమె తప్పేమున్నది? చద్దరు వాపసు వచ్చింది. పోను 120, రాను 120, మొత్తం 240 రూపాయలు సంఘం మీద పడ్డయి. పైంగ మడత చెడింది, ఇస్త్రీ చేసి మళ్ల కట్టవలసి వచ్చింది.

ఆ రోజు నుండి పేరు రాసే పద్ధతి మార్చినం. ముందు సరుకు పేరు, తర్వాత కొలత, చివరకు ఎన్ని అన్న లెక్క. "సోలాపూర్ చద్దరు, డబుల్ మంచానికి, 90 × 100 అంగుళాలు, 1 చద్దరు". ఒక్కటే ఉన్నా సరే, "1 చద్దరు" అని రాయవలసిందే.

జోడి, డజను, సెట్ అన్న మాటలు మనకు అలవాటు. వాటిని రాయొద్దని కాదు, పక్కన అంకె లేకుండ రాయొద్దంటున్న. "జోడి" అన్నచోట "2 చద్దర్లు" అని ఉండాలె. ఇంకొకటి, నూలు నంబరును పేరుల పెట్టొద్దు. 2/20 అంటే మనకు రెండు పోగులు కలిపిన 20 నంబరు నూలు. కొనేటోనికి అది రెండో, ఇరవయ్యో తెల్వదు. దాన్ని కింద వివరాలల్ల రాయండి. పేరుల ఉండే లెక్క ఒక్కటే కావాలె, అది డబ్బల ఎన్ని ఉన్నయి అన్న లెక్క.

ఇగ ధర సంగతి. మా పిల్లగాడు ఒకసారి ఆరు టవళ్ల కట్టకు ధర గడిల ఒక్క టవల్ ధర కొట్టిండు. పేరుల "6 టవళ్లు", ధర 180. దుకాణం అలవాటు మరి! పొద్దుగూకేసరికి నాలుగు ఆర్డర్లు. చూసి సంబురపడ్డం, తర్వాత తల పట్టుకున్నం. అందరికీ ఫోన్ చేసి మాఫీ అడిగి రద్దు చేసినం. అందుకే చెప్తున్న, ధర గడిల పడేది మొత్తం కట్ట ధర. ఒక్కదాని ధర దాని కింద వేరుగ రాయాలె.

రెండో తప్పు లెక్కల జరిగింది. ఒక్క టవల్ ఇంటికి చేర్చి 240 కి ఇచ్చినం. రెండింటి కట్టకు 490 పెట్టినం. ఒక గిరాకీ రాసిండు: "రెండు కొంటె ఒక్కటి 245 పడుతది, ఒక్కొక్కటే కొంటె 240. ఇదేం లెక్క?" నిజమే. రవాణా ఖర్చు రెండు సార్లు కలిపి, పెద్ద సంచి అని ఇంకో పది వేసినం.

లెక్క ఇట్ల చేయాలె. టవల్ ధర 180 అనుకోండి. కట్టుడు, పంపుడు కలిపి ఒక్కదానికి 60, రెండింటికి 70, ఆరింటికి 100 అయితయి అనుకోండి. ఒక్కటి 240. రెండు 360 కి 70 కలిపితే 430, అంటే ఒక్కటి 215. ఆరు 1,080 కి 100 కలిపితే 1,180. దీన్ని ఆరుతో భాగిస్తె 196 రూపాయల 66 పైసలు వస్తయి, ఎవరికీ నోరు తిరగదు. అందుకని 1,182 పెట్టండి, ఒక్కటి సరిగ్గ 197. ధర కింద ఇట్ల రాయండి: "6 టవళ్లకు 1,182. ఒక్కటి 197." కొనేటోడు లెక్క వేసుకునే పని లేదు. కట్ట పెద్దదైన కొద్ది ఒక్కదాని ధర తగ్గుతున్నదా అని మీరు కూడ ఒకసారి చూసుకోండి. తగ్గకపోతె ఎక్కడనో తప్పు పడ్డది.

చద్దరుకు రెండు దిండు గలీబులు కలిపిన సెట్‌కు ఈ భాగాహారం పనికిరాదు. "3 పీసుల సెట్" అని రాస్తె మూడు చద్దర్లు అనుకుంటరు. ధరను మూడుతో భాగిస్తె చద్దరు, గలీబు ఒకే ధర అన్నట్టు అయితది. అక్కడ "1 చద్దరు + 2 దిండు గలీబులు" అని విడదీసి రాయండి. దేని కొలత దానికి రాయండి. ధర మొత్తానికి ఒక్కటే రాయండి.

ఇది మన మర్యాద కోసమే కాదు, కాయిదా కూడ ఉన్నది. తూనికలు కొలతల శాఖ 2011 నాటి ప్యాకింగు సరుకుల నిబంధనల ప్రకారం, డబ్బ మీద ఎన్ని ఉన్నయి, అన్ని పన్నులు కలిపి గరిష్ఠ ధర ఎంత అన్నది రాయాలె. 2018 జనవరి నుండి ఆన్‌లైన్ పేజీల కూడ ఈ వివరాలు చూపాలె. 2021 సవరణతోని యూనిట్ ధర కూడ వచ్చింది. లెక్కపెట్టి అమ్మే సరుకుకైతె, అది ఒక్కదాని ధర. డబ్బ మీద ఒక లెక్క, ఫోన్‌ల ఒక లెక్క ఉంటె జవాబు చెప్పుకోవలసింది మనమే.

ఫొటో కూడ లెక్క చెప్తది. నాలుగు రంగులు చూపెట్టనీకి నాలుగు చద్దర్లు పేర్చి ఫొటో తీస్తం. కొనేటోడు నాలుగు వస్తయి అనుకుంటడు. మొదటి ఫొటోల ఎన్ని పంపుతమో అన్నే ఉండాలె. రంగులు తర్వాతి ఫొటోలల్ల చూపెట్టండి.

గలత్ అయ్యిందని ఎట్ల తెలుస్తది? ఆరింటి కట్టకు ఎవరన్న సంఖ్య 6 కొట్టి ఆర్డరిస్తె 36 టవళ్లు పోవాలె. అది పెండ్లి ఇల్లు కావచ్చు, లేకుంటె కట్టను ఒక్కటే అనుకొని ఉండవచ్చు. కట్టేముందు ఒక్క ఫోన్ చేయండి. ఒకే సరుకు మీద "తక్కువ వచ్చినయి" అని రెండో మాట వచ్చిందంటె, గిరాకీని తప్పు పట్టకుండ పేరు మార్చండి.

మా ఇంట్ల పరీక్ష ఒకటున్నది. కొత్త పేరు, ధర, ఫొటో మా ఇంటామెకు చూపెడత. "డబ్బల ఏమొస్తది? ఎన్నొస్తయి? ఒక్కటి ఎంతకు పడుతది?" అని అడుగుత. ఆమె మూడింటికీ ఆగకుండ జవాబు చెప్తె పేజీ ఎక్కిస్తం. ఆగి ఆలోచించిందంటె మళ్ల రాస్తం. పోయిన వారం ఆగింది. "డజను నాప్‌కిన్లు" అని రాసినం, పక్కన 12 వేయుడు మరిచినం. చెప్పిన నాకే మరుపొచ్చింది. అందుకే మీరు కూడ ఇంట్ల ఒకరికి చూపెట్టి ఎక్కియ్యండి.