చార్ట్‌లో ఆ చిన్న గీత ఏం చెబుతోంది? ఎర్రర్ బార్‌ని చదవడం ఎలా?

రీసెర్చ్ పేపర్లలో, ప్రాజెక్ట్ రిపోర్టుల్లో బార్ చార్ట్ చూసే ఉంటారు. ఒక్కో బార్ పైన ఇంగ్లీష్ I అక్షరంలా చిన్న గీత ఉంటుంది కదా, దాన్నే ఎర్రర్ బార్ అంటాం. రెండు గీతలు ఒకదాని ఎత్తులోకి ఒకటి రాకపోతే "తేడా ఉంది" అని, వస్తే "తేడా లేదు" అని చాలామంది తేల్చేస్తారు. ఆ గీత దేన్ని చూపిస్తోందో తెలియకుండా అలా తేల్చలేం. ఎందుకో ఒక నిజమైన డేటాతో చూద్దాం.

R సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే డేటా ఇది, పేరు PlantGrowth. మొక్కల్ని ఎండబెట్టి బరువు తూచారు. ఒక్కో గుంపులో 10 మొక్కలు. అందులో రెండు గుంపులు తీసుకుందాం. trt1 సగటు 4.66, trt2 సగటు 5.53.

ముందు స్టాండర్డ్ డీవియేషన్, అంటే SD. ఒక మొక్కకీ ఇంకో మొక్కకీ బరువులో ఎంత తేడా ఉందో చెప్పేది ఇదే. trt1కి 0.79, trt2కి 0.44. ఈ గీతలు వేస్తే trt1 గీత పైకొస 5.45 దాకా వెళ్తుంది, trt2 గీత కిందికొస 5.08 దాకా దిగుతుంది. రెండూ బాగానే కలిసిపోయాయి.

ఇప్పుడు స్టాండర్డ్ ఎర్రర్, SE. ఇది మొక్కల గురించి కాదు, సగటు గురించి. మళ్లీ ఇలాంటి 10 మొక్కలతో చేస్తే సగటు ఎంత అటూ ఇటూ కదులుతుందో చెప్పే అంచనా ఇది.

```
SE = SD / √n
```

trt1కి 0.79ని √10తో భాగిస్తే 0.25, trt2కి 0.14. ఇప్పుడు trt1 గీత 4.91 దగ్గర ఆగిపోతుంది, trt2 గీత 5.39 దగ్గర మొదలవుతుంది. మధ్యలో పెద్ద ఖాళీ! డేటా మాత్రం అదే, ఒక్క మొక్క కూడా మారలేదు.

మూడోది 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, CI. శాంపిల్ పెద్దదైతే SEకి రెండింతలు అనుకోండి. 10 మొక్కలకి 2.26 రెట్లు. 3 మొక్కలే ఉంటే 4.3 రెట్లు! మన డేటాలో trt1 పైకొస 5.23, trt2 కిందికొస 5.21. అంచులు కొద్దిగా తాకాయి.

మరి నిజంగా తేడా ఉందా? ఈ రెండు గుంపులకీ టీ-టెస్ట్ చేస్తే p విలువ దాదాపు 0.01 వస్తుంది. అంటే తేడా ఉందనడానికి గట్టి ఆధారమే ఉంది. SD గీతలు కలిశాయని "తేడా లేదు" అనుకుంటే తప్పయ్యేది. CI అంచులు తాకాయని అలా అనుకున్నా తప్పే. అలాగని SE గీతల మధ్య ఖాళీ కనిపిస్తే చాలు అనుకోకండి, ఆ ఖాళీ చిన్నదైతే టెస్ట్‌లో తేడా తేలకపోవచ్చు. విడివిడి గుంపుల 95% CI గీతలు అసలు తాకకపోతే మాత్రం తేడా ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

సరే, చార్ట్ మీ ముందుంది. ఆ గీత ఏదో ఎలా కనిపెట్టాలి? ముందు చార్ట్ కింద రాసింది చదవండి. "mean ± SD", "mean ± SEM", "95% CI" వీటిలో ఏదో ఒకటి ఉండాలి. SEM అన్నా SE అన్నా ఒకటే. పక్కనే n ఎంతో చూడండి. రెండూ ఉంటే ఇందాకటి ఫార్ములాతో ఒకదాన్నుంచి ఇంకోటి మీరే లెక్కేసుకోవచ్చు.

ఉత్త "±" అని మాత్రమే రాసి వదిలేశారనుకోండి. అప్పుడు ఆ కొలత మామూలుగా ఎంత మారుతుందో ఆలోచించండి. 100 మంది మగవాళ్ల ఎత్తు సగటు 165 ± 0.6 సెంటీమీటర్లు అని ఉంది. వంద మంది ఎత్తుల్లో అంత తక్కువ తేడా ఉంటుందా? పెద్దవాళ్ల ఎత్తుకి SD దాదాపు 6, 7 సెంటీమీటర్లు ఉంటుంది. 6ని √100తో, అంటే 10తో భాగిస్తే 0.6. కాబట్టి అది SE అయి ఉండాలి.

చార్ట్‌లో విడి చుక్కలు కూడా వేస్తే ఇంకో దారి ఉంది. SD గీత లోపల మామూలుగా మూడింట రెండు వంతుల చుక్కలు పడతాయి. trt1లో 10కి 6 పడ్డాయి. SE గీతలో అంతకంటే తక్కువే పడతాయి. కానీ ఇక్కడ ఒక చిక్కుంది: trt1లో CI గీత లోపల కూడా 6 చుక్కలే ఉన్నాయి! n ఇలా చిన్నగా ఉంటే SD, CI గీతల పొడవు దగ్గరదగ్గరగా ఉండొచ్చు, అప్పుడు చుక్కలతో విడదీయలేం. n పెరిగేకొద్దీ SD ఇంచుమించు అక్కడే ఉంటుంది, SE, CI మాత్రం కుంచించుకుపోతాయి. మొక్కలు నాలుగింతలైతే ఆ గీతలు దాదాపు సగమవుతాయి.

అందుకే గీత పొట్టిగా కనిపిస్తే "వీళ్ల డేటా ఎంత నిలకడగా ఉందో" అని వెంటనే అనుకోవద్దు. అది SE అయితే n వల్లే పొట్టిగా ఉండొచ్చు. ఏ గీతో పేపర్లో ఎక్కడా రాయకపోతే, లెక్కకీ అందకపోతే, ఆ గీతల్ని చూసి తేడా ఉందనీ లేదనీ చెప్పకండి. సగటులు మాత్రం చదువుకుని, టెస్ట్ ఫలితం ఎక్కడిచ్చారో వెతకండి.