అబ్బాను అడగవలసిన మాట



మిరప పంట చేతికి రాగానే మన పెద్దలు కొన్ని టిక్కీలు గుంటూరు యార్డులో అమ్ముతారు, మరికొన్ని మంచి ధర కోసం కోల్డ్ స్టోరేజీలో దాస్తారు. ఆ రసీదు ఎక్కడున్నదో, దానిపై ఎంత అప్పు తెచ్చారో, కమీషన్ వ్యాపారికి ఎంత బాకీయో తరచుగా వారొక్కరికే తెలుసు. హఠాత్తుగా వారి నోరు పడిపోతే ఎవరిని అడుగుతాము?

“మీ ఆస్తి ఎంత?” అంటే తండ్రి మనసు నొచ్చుకుంటుంది. అమ్మీ సమక్షంలో, “అబ్బా, మీపై ఎవరి హక్కూ మిగలరాదు. తీర్చవలసినవి చెప్పండి, వ్రాసుకుంటాను” అనండి. గడువుగల అప్పును వ్రాయమని అల్ బఖరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. చెల్లించని మహర్ కూడా అప్పే. అప్పుల మాట తెగితే రావలసిన బాకీలు, పాసుపుస్తకాలు, రసీదుల మాట తేలికగా వస్తుంది.

ఆస్తి 12 లక్షలు అనుకుందాం. ఖననం ఖర్చు, అప్పులు కలిపి 3 లక్షలు పోగా 9 లక్షలు మిగులుతాయి. వసీయత్ అందులో మూడోవంతు, అనగా 3 లక్షలు మించరాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు ప్రవక్త (స) విధించిన హద్దు ఇదే. మిగిలినది కుమార్తెలతో సహా వారసులందరిది. బ్యాంకులో నామినీగా ఉన్న కుమారుడు ఆ సొమ్ముకు అమానత్‌దారుడే గాని యజమాని కాడు.

వ్రాసినది తండ్రికి చదివి వినిపించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయించండి. మన పెద్దలను అల్లాహ్ రుణవిముక్తులను చేయుగాక! ఆమీన్.