ఏడు పేజీల సారాంశం – ఒక్క పేజీ కాగితం

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ డైరెక్టరు గారికి పంపే ప్రతిపాదనకు పైన పెట్టే సారాంశం ఎలా ఉండాలో చెప్పవలసిందిగా మమ్మల్ని కోరారు. నియమాలు వరుసగా చదివితే మీకు విసుగు పుడుతుంది. అందుచేత మా చేతుల మీదుగా నడిచిన ఒక్క కాగితం కథ చెబుతాము. అందులో తప్పు మాది కూడా ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాము.

మా పరిధిలో ఒక సంఘం ఉన్నది. పేరు అవసరం లేదు. ఉదయం 900 లీటర్లు, సాయంత్రం 700 లీటర్లు, మొత్తం రోజుకు 1,600 లీటర్ల పాలు పోస్తారు. శీతలీకరణ కేంద్రం 38 కిలోమీటర్ల దూరం. పూటకొక లారీ వచ్చి క్యాన్లు తీసుకుపోయేది. పితికిన పాలు ఇంచుమించు ఒంటి వేడిమీదనే ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించకపోతే సూక్ష్మజీవులు పెరిగి పులుపెక్కుతాయి. వేసవిలో సాయంత్రం లారీ ఒక గంట ఆలస్యమైతే చాలు, కేంద్రంలో మరిగించి చూసే పరీక్షలో పాలు విరిగేవి. 2022 వేసవి మూడు నెలల్లో 4,200 లీటర్లు అలా పోయాయి. లీటరుకు 40 రూపాయలు రావలసిన చోట 15 రూపాయలే వచ్చాయి. అంటే సభ్యులకు 1,05,000 రూపాయల నష్టం.

సంఘం వారు 2,000 లీటర్ల బల్క్ కూలర్ కావాలని 2022 డిసెంబరులో ప్రతిపాదన పంపారు. దానికి పైన ‘సారాంశం’ అని ఏడు పేజీలు పెట్టారు. మొదటి పేజీలో సంఘం రిజిస్టరైన నాటి నుండి చరిత్ర. రెండవ పేజీలో గ్రామ వివరాలు, పశుగ్రాసం. మూడవ పేజీలో పశువుల లెక్క. నాలుగవ పేజీలో పశువైద్య శిబిరాలు, వెన్న శాతం. ఐదవ పేజీ చివర పాలు విరిగిన సంగతి, దాని కింద ‘కావున తమరు తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన’ అనే వాక్యం. ఆరవ పేజీలో కరెంటు ఇబ్బందులు. ఏడవ పేజీలో కృతజ్ఞతలు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మేము చదివి, సంతకం పెట్టి, పైకి పంపాము.

ఆ కాగితం 2023 ఏప్రిల్‌లో ‘ప్రతిపాదన స్పష్టం చేయవలెను’ అన్న ఒక్క ముక్కతో తిరిగి వచ్చింది. అప్పటికే ఎండలు ముదిరాయి. ఆ వేసవిలో కూడా పాలు విరిగాయి. డబ్బు పోయింది సంఘానికి కాదు, రెండు గేదెలు పెట్టుకుని పాలు పోసే వారికి. ఆ సంఘంలోనే ఒక పెద్దావిడ మమ్మల్ని అడిగింది: “అయ్యా, కాగితం పంపామన్నారు గదా, అందులో మా సంగతి రాయలేదా?” రాశాము, ఐదవ పేజీలో రాశాము అని ఆమెకు ఎలా చెప్పగలము?

ఆ సంవత్సరం నవంబరులో కార్యదర్శితో కూర్చుని ఆ ఏడు పేజీలను ఒక్క పేజీ చేశాము. ఎలా చేశామో చెబుతాము.

మొదట ఒక తెల్ల కాగితం మీద ఒకే ప్రశ్న రాసుకున్నాము: ఇది చదివాక డైరెక్టరు గారు ఏమి చేయాలి? ‘తగు చర్య’ అంటే ఏ చర్య? మంజూరా, తనిఖీయా, పాలకవర్గం ముందు పెట్టడమా? అడిగేవాడికే తెలియకపోతే ఇచ్చేవాడికి ఎలా తెలుస్తుంది? అందుచేత మొదటి వాక్యం ఇలా తయారైంది: ‘మా సంఘంలో 2,000 లీటర్ల బల్క్ కూలర్ పెట్టుటకు మొత్తం ఖర్చు 9,50,000 రూపాయలలో యూనియన్ వాటాగా 6,50,000 రూపాయలు 2024 జనవరి నెలాఖరులోగా మంజూరు చేయ కోరుచున్నాము; మిగిలిన 3,00,000 రూపాయలు సంఘం నిధి నుండి పెట్టుకొందుము.’ ఏమి కావాలి, ఎంత, ఎప్పటిలోగా, మన వంతు ఎంత అనే నాలుగూ అందులో ఉన్నాయి. తేదీ ఎందుకంటే, గది మరమ్మతు, వైరింగు, యంత్రం తెప్పించడం అన్నీ ఏప్రిల్ ఎండలకు ముందే ముగియాలి. ఆ కారణం కూడా తేదీ పక్కనే రాశాము.

రెండవది, ఎర్ర పెన్సిలు పట్టుకుని ఏడు పేజీల్లో ప్రతి వాక్యాన్నీ ఒకటే అడిగాము: నువ్వు లేకపోతే ఆయన నిర్ణయం మారుతుందా? సంఘం చరిత్ర లేకపోతే మారదు. శిబిరాలు లేకపోతే మారదు. వాటిని పారేయలేదు, అనుబంధంలో చేర్చాము. పాలు విరిగిన లెక్క లేకపోతే మారుతుంది. అది పైకి వచ్చింది. ఇది కొత్త సంగతి కాదు. 1940 ఆగస్టులో, యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజుల్లో, బ్రిటిష్ ప్రధాని చర్చిల్ తన కార్యాలయాలకు ఒక చిన్న ఉత్తర్వు పంపాడు. ముఖ్యాంశాలు పొట్టి పేరాల్లో రాయండి, వివరమైన విశ్లేషణ, గణాంకాలు ఉంటే అనుబంధంలో పెట్టండి అన్నదే దాని సారం.

మూడవది లెక్క. అసలు చిక్కు ఇక్కడే బయటపడింది. పాత సారాంశంలో లాభం ఇలా చూపారు. పూటకొక లారీకి బదులు రోజుకొక ట్యాంకరు వస్తే బాడుగ 1,800 నుండి 1,300 రూపాయలకు దిగుతుంది. అంటే ఏడాదికి 1,82,500 రూపాయల ఆదా. పాలు విరగని దానివల్ల 1,05,000. మొత్తం 2,87,500. ఈ లెక్కన పెట్టుబడి 3 సంవత్సరాల 4 నెలల్లో తిరిగి వస్తుందని రాశారు. అయితే ఆరవ పేజీలో, కరెంటు కష్టాల మధ్య, యంత్రానికి కరెంటు, జనరేటరుకు డీజిలు, శుభ్రతకు కలిపి రోజుకు 400 రూపాయలు అవుతుందని ఉన్నది. ఏడాదికి 1,46,000. దానిని ఎవరూ తీసివేయలేదు. తీసివేస్తే మిగిలేది 1,41,500. అప్పుడు పెట్టుబడి రావడానికి 6 సంవత్సరాల 9 నెలలు పడుతుంది.

సంతకం పెట్టిన మాకు కూడా ఆనాడు ఇది కనబడలేదు. రెండు అంకెల మధ్య అంత కథ ఉంటే లెక్క తప్పినా తెలియదు. ఒక్క పేజీలో ఒకదాని కింద ఒకటి వేసేసరికి తప్పు దానంతట అదే బయటపడింది.

కార్యదర్శి ముఖం వాడిపోయింది. “ఏడేళ్ళు అని రాస్తే ఎవరు ఇస్తారండీ? ఆ ముక్క అనుబంధంలో పెడదాం” అన్నాడు. మేము ఒప్పుకోలేదు. కుదించడం వేరు, దాచడం వేరు. వ్యతిరేకంగా ఉన్న అంకె నిర్ణయాన్ని మార్చే అంకె, కనుక అది మొదటి పేజీలోనే ఉండాలి. యూనియన్ లెక్కల శాఖ వారు ఎలాగూ దాన్ని పట్టుకుంటారు. అప్పుడు మిగిలిన అంకెలను కూడా నమ్మరు.

ఇంకొక మాట. పాలు విరిగింది ఆ మూడు నెలల సేకరణలో మూడు శాతం లోపే. శాతంలో చెబితే అది చిన్నదిగా కనబడుతుంది. రూపాయల్లో చెబితే అది ఎవరి జేబుకు చిల్లు పెట్టిందో తెలుస్తుంది. ఈ కాగితంలో ఖర్చు రూపాయల్లో ఉన్నప్పుడు నష్టం కూడా రూపాయల్లోనే ఉండాలి. అప్పుడే చదివేవాడు ఒకదానితో ఒకటి పోల్చి చూడగలడు.

చివరకు ఆ పేజీ ఇలా నిలబడింది. మొదట కోరిక. తరువాత కారణం: విరిగిన పాలు, పోయిన డబ్బు. తరువాత నాలుగు వరుసల లెక్క: ఆదా, నివారించే నష్టం, నడిపే ఖర్చు, మిగులు. తరువాత ఇబ్బంది: త్రీఫేజు కరెంటు రోజంతా రాదు, జనరేటరు ధర పై 9,50,000లో చేరి ఉన్నది. తరువాత వేరే దారి: లారీ వేళ ముందుకు జరపమని రెండుసార్లు అడిగాము, దారిలో ఇతర సంఘాలు ఉన్నందున కుదరలేదు. ప్రతి అంశం చివర అనుబంధంలో ఏ పేజీ చూడాలో అంకె. అంతే.

పేజీ తయారయ్యాక పరీక్ష చేయాలి. పాలకు వెన్న పరీక్ష ఎలాగో దీనికీ అలాగే. ఈ వ్యవహారం తెలియని పంచాయతీ గుమాస్తా చేతికి ఇచ్చి, రెండు నిమిషాల తరువాత వెనక్కు తీసుకుని మూడు ప్రశ్నలు వేశాము. ఏమి అడుగుతున్నారు? ఎంత? ఇవ్వకపోతే ఏమవుతుంది? మొదటిసారి మూడవదానికి తడబడ్డాడు. కారణాన్ని తిరగరాశాము. రెండవసారి మరొకరిని పిలిచాము, ఎందుకంటే ఒకసారి చదివినవాడికి జవాబు ముందే తెలిసి ఉంటుంది.

ఒక హెచ్చరిక. మరికొన్ని సంఘాలవారు ఒక్క పేజీ అనగానే అక్షరాలు చిన్నవి చేసి, అంచులు తగ్గించి ఏడు పేజీలనూ ఒకదానిలోకి దట్టించారు. పది లీటర్ల క్యానులో పదిహేను లీటర్లు పడతాయా? అలాగే, ఒక్క పేజీ చాలదు. గది కొలతలు, యంత్రం ధరల పట్టిక, సభ్యుల తీర్మానం నకలు లేకుండా ఏ డైరెక్టరూ మంజూరు చేయలేడు. అవి అనుబంధంలో సిద్ధంగా ఉంటేనే పై పేజీకి బలం.

ఆ కాగితం 2023 డిసెంబరులో వెళ్ళింది. నాలుగవ నాటికి డైరెక్టరు గారి నుండి ఫోను వచ్చింది. ఆయన అడిగింది ఒకే ప్రశ్న: “1,600 లీటర్లకు 2,000 లీటర్ల కూలర్ అంటున్నారు. మిగిలిన 400 లీటర్ల చోటులో పక్క ఊరి పాలు పోయించగలరా? అప్పుడు ఈ ఏడేళ్ళు తగ్గుతాయి గదా.” ఆ ఆలోచన మాకు గాని, కార్యదర్శికి గాని తట్టలేదు. ఏడేళ్ళ మాట దాచి ఉంటే ఆయనకూ తట్టేది కాదు. పక్క ఊరి సంఘం 300 లీటర్లు పోయడానికి తీర్మానం చేసింది. ఆ షరతు మీద 2024 జనవరిలో మంజూరు వచ్చింది. ఏప్రిల్ రెండవ వారంలో కూలర్ నడిచింది.

మీలో చాలామంది ప్రతిపాదనల ఫైళ్ళు ఇక్కడికి తెచ్చారు. భోజన విరామం తరువాత వాటిని తీసి, మొదటి వాక్యంలో ఏమి అడిగారో, ఎంత అడిగారో, ఎప్పటికి అడిగారో గుర్తు పెట్టండి. దొరకని వారు మా బల్ల దగ్గరకు రండి. ఎర్ర పెన్సిళ్ళు తెచ్చాము.

సెలవు.