చిలికినా కాచినా అవే నీళ్లు

1840లలో ఇంగ్లండ్‌లో జేమ్స్ జౌల్, కిందికి దిగే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పించాడు. మంట లేకుండానే నీళ్లు కాస్త వేడెక్కాయి.

కిలో నీటిని 25 డిగ్రీల నుంచి 26కు తేవాలనుకుందాం. పొయ్యి మీద పెడితే సుమారు 4,180 జౌళ్ల ఉష్ణం లోపలికి వెళుతుంది, పని దాదాపు సున్నా. వేడి బయటికి పోని పాత్రలో చిలికితే అంతే పని పడుతుంది, ఉష్ణం సున్నా. సగం ఇలా, సగం అలా కూడా చేయొచ్చు. తర్వాత ఏ పరీక్ష పెట్టినా, ఆ నీళ్లు ఏ దారిన వేడెక్కాయో తెలియదు. ఉష్ణోగ్రత, పీడనం అవే అయితే వాటి అంతర్గత శక్తీ అంతే. అందుకే అది స్థితి ప్రమేయం. ఉష్ణం, పని నీటిలో నిల్వ ఉండేవి కావు, శక్తి దాటివచ్చే తీరులు మాత్రమే.

చిలికిన నీటిని మళ్లీ 25కు చల్లార్చండి. అంతర్గత శక్తిలో మార్పేమీ మిగలదు. కానీ పనిగా వచ్చిన 4,180 జౌళ్లూ ఉష్ణంగా బయటికి పోయాయి.