ఎర్ర సిరా ఏం చెప్పాలి?



కాప్రాలో తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు నా మాట కొత్తది కాదు. ఇక్కడ ఈసీఐఎల్, అణు ఇంధన సముదాయం ఉండటంతో దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు వచ్చి స్థిరపడ్డారు. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అయ్యాక, ఇంట్లో హిందీ మాట్లాడే పిల్లల తెలుగు వ్యాసాలు కూడా మన ముందుకొస్తున్నాయి. వాటిని ఎలా దిద్దాలన్నదే ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం.

అలాంటి పిల్లవాడు ఇలా రాశాడనుకుందాం: ‘మా ఇల్లు కాప్రాలో ఉంది. నా ఇద్దరు అక్కలు ఉన్నాయి. సాయంత్రం అమ్మ ఇల్లులో ఉంటుంది. మేము బస్సు నుంచి బడికి వెళ్తాము. చెరువులో నీళ్లు ఉన్నాయి.’

నాలుగు తప్పులు. నాలుగింటికీ సున్నా చుట్టి పదికి ఆరు వేస్తే పిల్లవాడికీ తెలిసేది లేదు, మనకీ లేదు. మార్జిన్‌లో ఏ రకం తప్పో ఒక్క అక్షరంతో గుర్తు పెడదాం: క్రియతో పొందిక కుదరకపోతే ‘పొ’, విభక్తి ఎంపిక తప్పితే ‘వి’, ఔపవిభక్తిక రూపం తప్పితే ‘ఔ’.

‘అక్కలు ఉన్నాయి’ దగ్గర ‘పొ’ పెట్టి ఆగకండి, మూడో వాక్యం కూడా చూడండి. ‘అమ్మ ఉంటుంది’ సరిగ్గానే రాశాడు. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ మన క్రియ ఒకటే అని పట్టుకున్నాడు. దాన్నే బహువచనానికీ చాచి, నీళ్లతో పాటు అక్కలనూ ‘ఉన్నాయి’లో చేర్చాడు. బహువచనంలో స్త్రీలు మగవారితో కలుస్తారని ఇంకా తెలియదు. ఇది అజాగ్రత్త కాదు, సగం నేర్చిన సూత్రం. నేర్చుకునేవారి తప్పుల వెనుక ఒక క్రమం ఉంటుందని 1967లో భాషావేత్త కోర్డర్ వాదించింది ఇలాంటివాటి గురించే.

‘ఇల్లులో’ కూడా అంతే. ‘చెరువులో’ సరైనదైతే ‘ఇల్లులో’ ఎందుకు కాదు? విభక్తిని సరిగ్గానే ఎంచుకున్నాడు, దాని ముందు ఇల్లు ‘ఇంటి’గా మారాలని తెలియదు. కనుక ఇక్కడ ‘వి’ పెడితే మనదే పొరపాటు. ఊరు, చేయి వంటి మాటలను ఇలాగే అభ్యాసం చేయించాలి.

‘వి’ పెట్టాల్సినవి మిగిలిన రెండూ. హిందీలో బస్సెక్కి వెళ్లినా, బస్సులోంచి దిగినా ‘సే’ ఒకటే. అక్కడి నుంచి వచ్చింది ‘బస్సు నుంచి’. బంధువులున్నారని చెప్పడానికి హిందీలో ‘నా’ అంటే చాలు, మనకు ‘నాకు’ కావాలి.

ఒక పరిమితి ఉంది. అయిదు వాక్యాల్లో ఒక్కసారి కనిపించినదాన్ని బట్టి తీర్పు చెప్పలేం. రాయడానికి జంకి వదిలేసిన రూపాలు అసలే కనిపించవు. అందుకే తప్పుల పక్కనే, అదే రూపం సరిగ్గా వచ్చిన చోట్లనూ లెక్కపెట్టాలి. ఒకే సూత్రం రెండుసార్లు తప్పితే మార్కు ఒక్కసారే తగ్గించాలి.

ఈ ఏడాది ఒక్క తరగతి పుస్తకాలను ఈ మూడు గుర్తులతో దిద్దండి. ఏ గుర్తు ఎక్కువ పడిందో రాసిపెట్టి, ఆ పిల్లలకు వచ్చే ఏడాది తెలుగు చెప్పబోయే వారి చేతికి ఆ కాగితం ఇవ్వండని నా విన్నపం.